చిట్టా నుంచి ఆవర్జాకు: ఒక అరువు అమ్మకం నడిచే దారి

ఫ్రాన్సిస్కన్ సన్యాసి లూకా పాచియోలి 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో, అక్కడి వర్తకులు అప్పటికే పాటిస్తున్న జంటపద్దు విధానాన్ని, అంటే ప్రతి వ్యవహారాన్నీ ఒక ఖాతాలో డెబిట్‌గానూ మరొక ఖాతాలో క్రెడిట్‌గానూ రాసే పద్ధతిని, మూడు పుస్తకాల క్రమంలో వివరించాడు. జరిగినదాన్ని జరిగినట్టు రాసిపెట్టే జ్ఞాపకాల పుస్తకం మొదటిది. ఆ రాతలను తేదీల వరుసలో డెబిట్, క్రెడిట్‌లుగా విడదీసి చూపే చిట్టా రెండవది. ఒక్కొక్క వ్యక్తికీ, ఒక్కొక్క అంశానికీ విడిగా చోటు కేటాయించే ఆవర్జా మూడవది. చిట్టాలోని పద్దును ఆవర్జాకు ఎక్కించినప్పుడు డెబిట్‌కు ఒకటి, క్రెడిట్‌కు ఒకటి చొప్పున దానిపై రెండు గీతలు గీయాలని ఆయన నిర్దేశించాడు. ఇప్పటి చిట్టాలో ఆ పనిని ఆవర్జా పుట సంఖ్య రాసే సన్నని గడి చేస్తున్నది. అది ఖాళీగా ఉన్నదంటే పద్దు ఇంకా ఎక్కలేదన్నమాట.

అరువు అమ్మకాలు రోజుకు పదుల సంఖ్యలో జరిగే చోట ప్రతిదానికీ చిట్టాలో రెండు వరుసలూ ఒక వివరణా రాసి, ప్రతి మొత్తాన్నీ అమ్మకాల ఖాతాకు విడిగా ఎక్కించడం పెద్ద శ్రమ. ఒకే తరహా వ్యవహారాలను ఒకచోట చేర్చే సహాయక పుస్తకాలు ఈ శ్రమను తగ్గించాయి. సరుకు అరువుపై అమ్మితే అది అమ్మకాల పుస్తకంలోకి, నగదుకు అమ్మితే నగదు పుస్తకంలోకి పోతుంది. దుకాణంలోని పాత బీరువాను అరువుపై అమ్మితే మాత్రం, అది వ్యాపారపు సరుకు కాదు గనుక, చిట్టాలోనే నమోదవుతుంది.

గుంటూరులోని ఒక బట్టల టోకు వర్తకుడు ఏప్రిల్ 6న తెనాలి దుకాణదారుకు చీర 500 రూపాయల చొప్పున 40 చీరలు అరువుపై అమ్మి, 10 శాతం వర్తకపు డిస్కౌంటు ఇచ్చాడనుకుంటే, పన్నును పక్కన పెట్టి చూసినప్పుడు, 20,000 రూపాయల నుంచి 2,000 ఇన్వాయిస్‌లోనే తగ్గిపోయి, అమ్మకాల పుస్తకంలో 18,000 మాత్రమే నమోదవుతుంది. ఆ డిస్కౌంటుకు ఆవర్జాలో ఖాతా ఉండదు. అదే రోజు ఆవర్జాలో తెనాలి దుకాణదారు ఖాతా 18,000కు డెబిట్ అవుతుంది. క్రెడిట్ మాత్రం ఆగుతుంది: నెలాఖరున అమ్మకాల పుస్తకాన్ని కూడినప్పుడు వచ్చే మొత్తం, ఈ 18,000ను తనలో కలుపుకుని, ఒకే పద్దుగా అమ్మకాల ఖాతాకు క్రెడిట్ అవుతుంది. పాచియోలి చిట్టాలో పక్కపక్కనే ఉండిన రెండు సగాలు ఇక్కడ వేర్వేరు రోజుల్లో ఆవర్జాకు చేరుతున్నాయి.

పొరపాట్లు ఈ దారిలో ఎక్కడైనా దూరవచ్చు. నెలాఖరు కూడికలో 1,000 తగ్గితే, ఖాతాల నిల్వలను డెబిట్, క్రెడిట్ వరుసల్లో పేర్చి సరిచూసే అంకణాలో క్రెడిట్ వైపు అంతే తగ్గి, తప్పు బయటపడుతుంది. తెనాలి దుకాణదారు 18,000ను మరో ఖాతాదారు పుటలో డెబిట్‌గా ఎక్కించినా, ఇన్వాయిస్‌ను అమ్మకాల పుస్తకంలో రాయడమే మరచినా, అంకణా ఏమీ తేడా చూపకుండా సరిపోతుంది. మొదటి తప్పు, ఖాతాదారులకు వారి నిల్వల వివరం పంపి సరిచూసుకొమ్మన్నప్పుడు బయటపడవచ్చు. రెండవది, ఇన్వాయిస్‌ల వరుస సంఖ్యలను అమ్మకాల పుస్తకంతో పోల్చినప్పుడు మధ్యలో తప్పిపోయిన సంఖ్యగా కనిపిస్తుంది.