ఎవరు ఏ రోజు ఆఫీసుకు రావాలి?: దిల్లీ ఎన్‌సీఆర్‌లో హైబ్రిడ్ పనిదినాల పట్టిక

దిల్లీ, గురుగ్రామ్, నోయిడాలలోని అనేక కార్యాలయాల్లో ఉద్యోగులు వారంలో కొన్ని రోజులు ఆఫీసులో, మిగిలిన రోజులు ఇంట్లో పనిచేస్తున్నారు. ఇటువంటి చోట ఉద్యోగుల సంఖ్య కంటే కుర్చీలు తక్కువగా ఉండటం సాధారణం. అందువల్ల ఎవరు ఏ రోజు రావాలన్నది ముందే తేల్చుకోవాలి. ఆ పట్టిక మూడు ప్రశ్నలకు ఒకేసారి సమాధానం చెప్పాలి. వచ్చిన వారందరికీ కూర్చునే చోటు ఉందా? సమావేశ గదులు సరిపోతాయా? కలిసి పనిచేయవలసిన బృందాలు ఒకే రోజు ఎదురుపడతాయా?

2020 నాటి పాఠం

కోవిడ్ తొలి రోజుల్లో, 2020 మార్చి 19న, కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. గ్రూప్ బి, సి ఉద్యోగులలో సగం మందే ఆఫీసుకు రావాలని, వారం విడిచి వారం వచ్చేలా హాజరు పట్టిక తయారుచేయాలని సూచించింది. రద్దీ తగ్గించడమే దాని లక్ష్యం కనుక ఆ పద్ధతి దానికి సరిపోయింది. అయితే ఈ వారం ఒక సగం, వచ్చే వారం మరో సగం వస్తే, ఆ రెండు సగాలూ ఎన్నడూ ఎదురుపడవు. కుర్చీల లెక్క సరిపోతుంది, కలయిక మాత్రం సున్నా. హైబ్రిడ్ పట్టికను వారాలవారీగా కాక రోజులవారీగా వేయవలసి రావడానికి కారణం ఇదే.

ఒక ఉదాహరణ

గురుగ్రామ్‌లో 90 మంది ఉద్యోగులు, 60 కుర్చీలు, 4 సమావేశ గదులు ఉన్న ఒక కార్యాలయాన్ని ఊహించుకుందాం. సాఫ్ట్‌వేర్ బృందంలో 24 మంది, అమ్మకాల్లో 20, వినియోగదారుల సేవలో 18, అకౌంట్స్‌లో 16, టెస్టింగ్‌లో 12 మంది ఉన్నారు. ప్రతి ఒక్కరూ వారానికి 3 రోజులు రావాలన్నది నియమం.

వారం మొత్తానికి 270 హాజరులు, 300 కుర్చీలు. సగటు చూస్తే ఇబ్బంది కనిపించదు. కానీ రోజుల ఎంపికను ఉద్యోగులకే వదిలేస్తే ఎక్కువ మంది మంగళ, బుధ, గురువారాలనే కోరుకుంటారు. అప్పుడు బుధవారం కుర్చీ దొరకదు, శుక్రవారం ఆఫీసు ఖాళీగా ఉంటుంది. కాబట్టి వారపు సగటును కాక, అత్యంత రద్దీ రోజును లెక్కలోకి తీసుకోవాలి.

రోజులను వ్యక్తులకు కాక బృందాలకు కేటాయిస్తే పట్టిక ఇలా కుదురుతుంది:

సోమవారం: సాఫ్ట్‌వేర్, అమ్మకాలు, టెస్టింగ్ – 56 మంది
మంగళవారం: అమ్మకాలు, సేవ, అకౌంట్స్ – 54 మంది
బుధవారం: సాఫ్ట్‌వేర్, సేవ, టెస్టింగ్ – 54 మంది
గురువారం: అమ్మకాలు, సేవ, అకౌంట్స్ – 54 మంది
శుక్రవారం: సాఫ్ట్‌వేర్, అకౌంట్స్, టెస్టింగ్ – 52 మంది

ఏ రోజూ 56 దాటలేదు. అతిథులకు, ఇంటర్వ్యూలకు వచ్చేవారికి కనీసం 4 కుర్చీలు మిగులుతాయి. నిత్యం కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్, టెస్టింగ్ బృందాలు మూడు రోజులూ ఒకే చోట ఉంటాయి. మిగిలిన ఏ రెండు బృందాలను తీసుకున్నా కనీసం ఒక రోజు కలుస్తాయి. ఇది యాదృచ్ఛికం కాదు. ఐదు రోజుల వారంలో ఇద్దరూ మూడేసి రోజులు వస్తే, కనీసం ఒక రోజైనా ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చి తీరుతుంది. రెండేసి రోజులే వస్తే ఆ హామీ ఉండదు.

ఈ పట్టికకూ హద్దు ఉంది. సాఫ్ట్‌వేర్ బృందంలో మరో నలుగురు చేరితే సోమవారం 60 కుర్చీలూ నిండిపోతాయి. ఐదో వ్యక్తి చేరిన నాడు పట్టికను తిరగరాయక తప్పదు. శుక్రవారం రావడాన్ని భారంగా భావించేవారు ఉంటారు కనుక, మూడు నెలలకొకసారి రోజుల క్రమం మార్చడం న్యాయం.

గదులు, గంటలు

ఈ పట్టికలో ఆరు జతల బృందాలకు వారంలో ఒక్క రోజే ఉమ్మడిగా ఉంది. సాఫ్ట్‌వేర్, అమ్మకాల వారు సోమవారం మాత్రమే ఎదురుపడతారు. అలాంటి జతలు సోమ, బుధ, శుక్రవారాల్లో రెండేసి చొప్పున వస్తాయి. ఆ రోజుల్లో గదులను ముందుగా వారి ఉమ్మడి సమావేశాలకే ఇవ్వాలి. ఒకే బృందం తనలో తాను జరుపుకునే సమావేశం ఆన్‌లైన్‌లోనో, మరో రోజో జరగవచ్చు. ఈ వరుస పాటించకపోతే ఆఫీసుకు వచ్చినవారు రోజంతా తమ కుర్చీలోనే హెడ్‌సెట్ పెట్టుకొని పక్క బృందంతో వీడియోలో మాట్లాడుతుంటారు. పట్టిక విఫలమైందనడానికి అదే స్పష్టమైన గుర్తు.

ఒకే రోజు వచ్చినంత మాత్రాన ఒకే సమయంలో ఉంటారని కాదు. 2024 నవంబరులో కాలుష్యం పెరిగినప్పుడు దిల్లీలో కార్యాలయ వేళలను వేరుచేశారు. నగరపాలక సంస్థకు ఉదయం 8.30 నుంచి సాయంత్రం 5 వరకు, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు 9 నుంచి 5.30 వరకు, దిల్లీ ప్రభుత్వ కార్యాలయాలకు 10 నుంచి 6.30 వరకు నిర్ణయించారు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది 10 నుంచి 5 వరకు మాత్రమే. ద్వారక నుంచో ఫరీదాబాద్ నుంచో గురుగ్రామ్ చేరే వారున్న ఆఫీసులో ఉమ్మడి వేళను 11 నుంచి 4 వరకు పెట్టుకోవడం ఆచరణీయం. భోజన విరామం పోగా నాలుగు గంటలు. నాలుగు గదులకు కలిపి రోజుకు 16 గంటల సమావేశాలే సాధ్యం. గది తీసుకొని ఎవరూ రాకపోతే 15 నిమిషాల తర్వాత ఆ కేటాయింపు రద్దయ్యే ఏర్పాటు ఉండాలి.

గాలి చెడినప్పుడు

దిల్లీ ఎన్‌సీఆర్‌లో ఏ పట్టికా ఏడాది పొడవునా ఒకేలా సాగదు. వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ అమలుచేసే గ్రాప్ ప్రణాళికలో, వాయు నాణ్యత సూచీ 400 దాటితే మూడో దశ, 450 దాటితే నాలుగో దశ వర్తిస్తాయి. 2024 నవంబరు 18న నాలుగో దశ అమల్లోకి వచ్చింది. రెండు రోజుల తర్వాత దిల్లీ ప్రభుత్వం తన ఉద్యోగుల్లో సగం మంది ఇంటి నుంచి పనిచేయాలని ప్రకటించింది. కార్యాలయాలను సగం సిబ్బందితో నడిపించడంపై ప్రభుత్వాలు నిర్ణయం తీసుకునే అంశాన్ని 2025 నవంబరులో కమిషన్ మూడో దశకే తెచ్చింది.

మన ఉదాహరణలో సగం అంటే 45 మంది. అప్పటికప్పుడు కొత్త పట్టిక వెతుక్కోనక్కరలేదు. ఉన్న పట్టిక నుంచే రోజుకొక బృందాన్ని తప్పించాలి: సోమవారం టెస్టింగ్, మంగళవారం అకౌంట్స్, బుధవారం సేవ, గురువారం అమ్మకాలు, శుక్రవారం సాఫ్ట్‌వేర్. అప్పుడు హాజరు వరుసగా 44, 38, 36, 34, 28 అవుతుంది. ప్రతి బృందం సరిగ్గా ఒక్క రోజే కోల్పోతుంది. అయితే పది జతల్లో ఐదింటికి ఎదురుపడే రోజు ఉండదు. ఆ ఐదు జతల సమావేశాలు ఆన్‌లైన్‌లో ఏ రోజు జరగాలో అక్టోబరులోనే రాసి ఉంచుకోవడం మేలు.

పట్టిక పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి రెండు లెక్కలు చాలు. ద్వారం వద్ద కార్డు చూపి లోపలికి వచ్చినవారి సంఖ్యను ఆ రోజు పట్టికలోని సంఖ్యతో పోల్చాలి. కేటాయించిన గదుల్లో నిజంగా ఎన్ని వాడారో చూడాలి. రెండింటినీ రోజువారీగానే చూడాలి. వారపు సగటులో కలిపేస్తే బుధవారం రద్దీ, శుక్రవారం ఖాళీ రెండూ కనుమరుగవుతాయి.