ఎందరు బయల్దేరారో తెలియని లెక్క

సర్వేల్లో దొర్లే దోషాల చరిత్ర చెప్పేటప్పుడు మన పుస్తకాలు రెండు అమెరికా కథలతో సరిపెడుతుంటాయి. మొదటిది 1936 నాటిది. లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. సుమారు 24 లక్షలు తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ దాదాపు 61 శాతం ఓట్లతో గెలిచాడు. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ జాబితాలు వాడినందువల్ల పేదలు తప్పిపోయారని అందరూ చెప్పే కారణం. అది సగం నిజమే. 1937లో గ్యాలప్ సంస్థ అడిగి చూస్తే, పత్రిక బ్యాలెట్ అందినవాళ్ళలోనూ ఎక్కువమంది రూజ్‌వెల్ట్ వైపే ఉన్నారు. వాళ్ళలో చాలామంది దాన్ని తిరిగి పంపలేదు, అంతే. జాబితాలో చేసిన ఎంపిక ఎంత దెబ్బతీసిందో, జవాబిచ్చినవాళ్ళు తమంతట తాము చేసుకున్న ఎంపికా అంత దెబ్బతీసింది.

రెండోది 1943 నాటి విమానాల కథ. తిరిగొచ్చిన యుద్ధవిమానాల మీద తూటాల గుర్తులు లేనిచోటే కవచం వేయమని అబ్రహాం వాల్డ్ చెప్పాడంటారు. వాల్డ్ నిజంగా రాసింది సమీకరణాల వ్యాసం. అందులో ఆయన ఊహించుకున్న ఉదాహరణ ఇది: 400 విమానాలు వెళ్ళాయి, 380 తిరిగొచ్చాయి. తిరిగొచ్చినవాటిలో 320కి దెబ్బే తగల్లేదు. 32కి ఒకటి, 20కి రెండు, 4కి మూడు, రెండింటికి నాలుగు, మరో రెండింటికి అయిదు చొప్పున తగిలాయి. రాని 20 విమానాలూ దెబ్బ తగిలే కూలాయని, ప్రతి దెబ్బకూ ప్రమాదం సమానమేనని అనుకుంటే, ఒక్కో దెబ్బకు విమానం కూలే అవకాశం సుమారు 15 శాతమని తేలుతుంది. ఈ లెక్కంతా 400 అన్న అంకె మీద నిలబడింది. ఎన్ని వెళ్ళాయో రాసిపెట్టిన చిట్టా వాల్డ్‌కు ఉంది.

మిగిలినవాటిని మాత్రమే చూసి మోసపోవడాన్ని సర్వైవర్‌షిప్ బయాస్ అంటారు. ఆ చిట్టా లేనప్పుడు అది ఎలా ఉంటుందో తెలియాలంటే అమెరికా కథలు చాలవు. అదే 1943లో బెంగాల్‌లో జరిగింది చూడాలి.

అప్పట్లో బెంగాల్ పల్లెల్లో చావుల కబురు పైకి చేరవేసే పని ఊరి చౌకీదారుది. అతను చెప్పినవే ఠాణాలో నమోదై, జిల్లాకు, అక్కడి నుంచి కలకత్తాకు చేరేవి. 1943లో అలా నమోదైన మరణాలు సుమారు 18.7 లక్షలు. అంతకుముందు అయిదేళ్ళ సగటు 11.8 లక్షలు. తేడా దాదాపు 7 లక్షలు. అయితే కరువులో చౌకీదార్లూ చనిపోయారు, ఊళ్ళు వదిలి పోయారు. చావు ఎక్కడ ఎక్కువో అక్కడే చావులు రాసేవాడు లేకుండా పోయాడు. మామూలు రోజుల్లోనూ కొన్ని మరణాలు నమోదు కావు. అలాంటి లోటు అన్నిచోట్లా ఒకేలా ఉంటే ఒక గుణకంతో సరిదిద్దవచ్చు. ఇక్కడ లోటు కరువుతో పాటే పెరిగింది. కరువు విచారణ సంఘం 1945లో ఈ సంగతి గుర్తించి, సవరణలు చేసి, 1944 తొలి సగం దాకా కలుపుకొని మరణాలు 15 లక్షలని తేల్చింది. అమర్త్య సేన్ అంచనా 30 లక్షల దరిదాపుల్లో ఉంది. టిమ్ డైసన్, అరూప్ మహారత్న 1991లో 21 లక్షలన్నారు. ఒకే సంఘటనకు ఇన్ని అంకెలు రావడానికి మూలం, రాయకుండా పోయిన చావులు ఎన్నన్న ప్రశ్నే.

దోషం ఎక్కువ చూపే వైపూ జరిగింది. కలకత్తా విశ్వవిద్యాలయ మానవశాస్త్ర విభాగం బాగా దెబ్బతిన్న ప్రాంతాల్లో సర్వే చేసి, ఆ రేటును రాష్ట్రమంతటికీ వర్తింపజేసినప్పుడు 35 లక్షలు వచ్చింది. వాళ్ళ చిత్తశుద్ధిని నేను శంకించను. కానీ కరువు ఉన్నచోటికే వెళ్ళి కొలిచిన రేటు కరువు తక్కువగా ఉన్నచోట చెల్లదు. ఇది సెలెక్షన్ బయాస్.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మహలనోబిస్ బృందం చేసిన సర్వే. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 386 గ్రామాల్లో దాదాపు 16 వేల కుటుంబాలను కలిసి, 1943 జనవరిలో ఎలా ఉన్నారు, 1944 మేలో ఎలా ఉన్నారు అని అడిగారు. ఆ కాలానికి అంత జాగ్రత్తగా చేసిన సర్వేలు అరుదు. అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది, అడిగే నాటికి ఊళ్ళో మిగిలిన కుటుంబమే. ఒక ఊళ్ళో వంద కూలీ కుటుంబాలు ఉన్నాయనుకుందాం. పది పూర్తిగా చనిపోవడమో, చెదిరిపోవడమో జరిగింది. మిగిలిన తొంభైలో తొమ్మిది దిక్కులేనివయ్యాయి. సర్వేకు కనిపించేది పదిశాతం. అసలు నష్టం వందలో పంతొమ్మిది. పక్కన వంద రైతు కుటుంబాల్లో ఒక్కటీ మాయం కాక నాలుగు చితికిపోతే, అక్కడ సర్వే చెప్పింది నిజమే అవుతుంది. కరువు ఎక్కువగా కూలీలను, జాలర్లను దెబ్బతీసిందని సర్వే సరిగ్గానే పట్టుకుంది. కానీ వాళ్ళకూ రైతులకూ మధ్య అంతరం అది చూపినదానికన్నా పెద్దదే అయ్యుంటుంది. దీనికి విరుగుడు మనుషుల బదులు ఇళ్ళను లెక్కపెట్టడం. ప్రతి పాడుపడిన పునాది దగ్గరా ఆగి, ఇక్కడ ఎవరుండేవారని ఇరుగుపొరుగును అడగాలి. ఇరుగుపొరుగు జ్ఞాపకం కూడా తప్పవచ్చు, గుడిసె ఆనవాలే లేనివాళ్ళు అప్పుడూ తప్పిపోతారు. అయినా దోషం తగ్గుతుంది, ఎటువైపు మొగ్గిందో తెలుస్తుంది.

ఇప్పటి సంగతికి అదే కలకత్తాలోని మెటియాబ్రుజ్ మంచి పరీక్ష. హుగ్లీ ఒడ్డున, కుట్టుపనికి పేరుపడ్డ ఈ పేట 1984 దాకా గార్డెన్ రీచ్ మునిసిపాలిటీలో ఉండేది. అందుకే కార్పొరేషన్ హద్దులతో తీసిన పాత నగర లెక్కల్లో దాని ఊసే ఉండదు. పరిశ్రమల వార్షిక సర్వే రిజిస్టరైన ఫ్యాక్టరీలనే చూస్తుంది. అంటే సాధారణంగా, కరెంటుతో నడుస్తూ పదిమందికి తగ్గని పనివాళ్ళున్నవి. ఓస్తాగర్ అనే దర్జీ యజమాని దగ్గర కత్తిరించిన గుడ్డ ఇరుకు గదుల మిషన్ల మీదికి, అక్కడి నుంచి బొత్తాలు కుట్టి దారాలు కత్తిరించే ఆడవాళ్ళ ఇళ్ళకు పోతుంది. ఆ గదులు, ఆ ఇళ్ళు ఈ సర్వేలో చేరవు. నమోదుకాని సంస్థల సర్వే ఇల్లిల్లూ జాబితా రాసుకుంటుంది కాబట్టి మేలు. అక్కడైనా, ఏం పని చేస్తావమ్మా అంటే ఇంట్లోనే ఉంటానని చెప్పే ఆవిడను, పక్కనున్న గుడ్డల మూట చూసి మళ్ళీ అడగాలి.

ఈ శ్రమంతా తప్పించుకోవచ్చని యాప్ గణాంకాలు ఆశపెడుతున్నాయి. నాకు ఇది వెనకడుగుగా కనిపిస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతమే. ముక్కకింత అని చేతిలో నగదు తీసుకునే మనిషి చెల్లింపు యాప్‌లో ఉండదు. 2020లో గూగుల్ ఇచ్చిన రాకపోకల నివేదికలు లొకేషన్ హిస్టరీని తమంతట తాము ఆన్ చేసుకున్నవాళ్ళవి. యాప్ తెరిచినప్పుడు నచ్చిందా అని అడిగే సర్వే, విసుగొచ్చి దాన్ని తీసేసినవాళ్ళను అడగనే అడగదు. నెలనెలా రేటింగ్ పెరుగుతుంటే యాప్ బాగుపడి ఉండొచ్చు, నచ్చనివాళ్ళు వెళ్ళిపోయి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే, ఒక నెలలో చేరినవాళ్ళందరినీ విడిగా పెట్టి, ఆర్నెల్ల తర్వాత ఎందరు మిగిలారో చూసి, వెళ్ళినవాళ్ళలో కొందరికి ఫోన్ చేసి అడగాలి. అలా చేస్తే యాప్‌కూ వాల్డ్‌కు ఉన్న చిట్టా దొరుకుతుంది. కానీ అందులోనూ అసలు చేరనివాళ్ళు ఉండరు. వాళ్ళను పట్టుకునేది జనాభా లెక్కలు. 2021లో జరగాల్సినవి 2027కు వాయిదా పడ్డాయి. ఈలోగా మన సర్వేలు సరిచూసుకునే కొలత 2011 నాటిదే.

యాప్ సమాచారం పనికిరాదని నేను అనను. అవే ఫోన్లలో నిన్నటికీ ఇవాళ్టికీ వచ్చిన మార్పును అది చక్కగా చూపుతుంది. అయితే ఎందరు బయల్దేరారో, ఎందరు మధ్యలో పోయారో, ఎవరు మొదటినుంచీ లేరో పక్కనే అచ్చువేయని శాతాన్ని జనం గురించిన శాతంగా ఒప్పుకోకూడదు. అంకెలు కోట్లలో ఉన్నంతమాత్రాన ఆ లోటు పూడదు. కోటి బ్యాలెట్లు పంపినా పూడలేదు.