రీకాయిల్ నియంత్రణ (షూటర్ గేములు)

తుపాకీ పేలగానే గొట్టం పైకి ఎగురుతుంది. షూటర్ గేముల్లో ఈ తన్నును రీకాయిల్ అంటారు. ట్రిగ్గర్ వదలకుండా కాల్చినప్పుడు తూటాలు గోడ మీద గీసే దారి స్ప్రే ప్యాటర్న్. ఆ దారికి ఎదురు దిశలో మౌస్‌నో, బొటనవేలినో, ఫోన్‌నో కదిలించి తూటాలన్నీ ఒకేచోట పడేలా చూడడమే రీకాయిల్ నియంత్రణ. దీన్ని చేతివేగం కిందో, పుట్టుకతో వచ్చిన నేర్పు కిందో జమకట్టేవారు చాలామంది. దీని చరిత్ర చూస్తే మాత్రం ఇది ముఖ్యంగా కొలతకు సంబంధించిన విద్య అని తేలుతుంది. గేము తన్నును డిగ్రీల్లో పెడుతుంది, ఆటగాడు దాన్ని సెంటీమీటర్లలో తిరిగి చెల్లిస్తాడు. ఈ రెంటికీ మధ్య మారకపు రేటు సెన్సిటివిటీ.

1992 నాటి వుల్ఫెన్‌స్టైన్ 3డీ, 1993 నాటి డూమ్ గేముల్లో ఎంతసేపు కాల్చినా చూపు పైకి లేవదు కాబట్టి అక్కడ లాగి దించాల్సిన పనే లేదు. ఈ విద్యకు అసలు పాఠశాల కౌంటర్-స్ట్రైక్. మిన్ లీ, జెస్ క్లిఫ్ కలిసి హాఫ్-లైఫ్ గేముకు మాడ్‌గా 1999లో దీని బీటాను విడుదల చేశారు. 2000లో వాల్వ్ సంస్థ దీన్ని పూర్తి గేముగా అమ్మకానికి పెట్టింది. తర్వాత పేరుపొందిన 1.6 రూపంలో తుపాకీ ఒక హద్దు వరకు పైకి లేచి, ఆపైన కుడిఎడమలకు ఊగుతుంది. ఎప్పుడు ఏ పక్కకు తిరగాలో ప్రతి తూటాకూ పాచిక వేసినట్టు గేము నిర్ణయిస్తుంది. అందుకే ఆ కాలపు ఆటగాళ్లకు కిందికి లాగడం పట్టుబడింది కానీ పక్కలకు లాగడం మాత్రం కంటితో చూసి సర్దుకోవడంగానే మిగిలింది. 2012లో వచ్చిన గ్లోబల్ అఫెన్సివ్ ఈ లెక్కను మార్చింది. అందులో ప్రతి తుపాకీకీ ఒకే స్థిరమైన దారి ఉంటుంది. నేర్చుకున్నవాడికి నేర్చుకున్నంత ఫలితం ఇచ్చిన మేలైన మార్పు ఇది. 2023లో వచ్చిన కౌంటర్-స్ట్రైక్ 2 కూడా ఇదే పద్ధతిలో సాగుతోంది.

ఇందులో ఏకే-47 దారిని దగ్గరగా చూడడం మంచిది. మ్యాగజైన్‌లో 30 తూటాలు ఉంటాయి. నిమిషానికి 600 చొప్పున పేలుతుంది, అంటే తూటాకూ తూటాకూ మధ్య సెకనులో పదో వంతు. మొదటి ఎనిమిది తూటాలు దాదాపు నిలువుగా ఎక్కుతాయి. ఆపైన ఎత్తు పెద్దగా పెరగదు. దారి కుడికి వెళ్లి, ఎడమకు మళ్లి, చివర్లో మళ్లీ కుడికి తిరుగుతుంది. కాబట్టి చెయ్యి ముందు కిందికి, తర్వాత ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు వెళ్లాలి. కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటి ఉంది. గ్లోబల్ అఫెన్సివ్‌లో తుపాకీ ఎంత లేచిందో అందులో సగం కన్నా తక్కువే తెర మీద కనిపిస్తుంది, తూటా క్రాస్‌హెయిర్‌కు పైన పడుతుంది. సరిగ్గా లాగినవాడి క్రాస్‌హెయిర్ ఎనిమిదో తూటా వేళకు శత్రువు ఛాతీకి బాగా కింద ఉంటుంది. దాన్ని ఛాతీ మీదే నిలబెట్టాలని ప్రయత్నించినవాడి తూటాలు తల మీదుగా పోతాయి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. దారి స్థిరమైతే బాగా నేర్చినవాడి తూటాలు కూడా ఎందుకు చెదురుతాయి? ఎందుకంటే అక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసి పనిచేస్తాయి. రీకాయిల్ స్థిరం, దాని చుట్టూ ఉండే చెదురు యాదృచ్ఛికం. సొంత సర్వర్‌లో ఈ ఆదేశాలు ఇచ్చి గోడను కాలిస్తే రెండూ విడిపోతాయి.

```
sv_cheats 1
sv_infinite_ammo 1
sv_showimpacts 1
weapon_accuracy_nospread 1
```

చివరి ఆదేశం చెదురును తీసేస్తుంది. గోడ మీద అసలు దారి ఒక్కటే మిగులుతుంది, ఎన్నిసార్లు కాల్చినా అదే గీత. దాన్ని 0 చేయగానే గీత మబ్బుగా మారుతుంది. ఆ మబ్బును ఏ చెయ్యీ లాగి దించలేదు. నడుస్తూ కాలిస్తే అది ఇంకా పెద్దదవుతుంది. దూరపు శత్రువు మీద స్ప్రే కట్టిపెట్టి ఒకటీ రెండూ తూటాలు వదలమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. గోడే తప్పును కూడా చూపిస్తుంది. గుర్తులు నిలువుగా పైకి పాకితే లాగింది చాలలేదు, మొదటి గుర్తుకు కిందికి జారితే ఎక్కువైంది. ఎత్తు సరిపోయి అడ్డంగా పరుచుకుంటే పక్కకు తిప్పడం ఆలస్యమైంది.

సెన్సిటివిటీ లెక్క ఇక్కడే వస్తుంది. కౌంటర్-స్ట్రైక్‌లో మౌస్ ఒక్క అంకె కదిలితే చూపు 0.022 డిగ్రీలను సెన్సిటివిటీతో గుణించినంత తిరుగుతుంది. 800 డీపీఐ మౌస్, సెన్సిటివిటీ 1 అనుకుంటే ఒక పూర్తి చుట్టు తిరగడానికి దాదాపు 52 సెం.మీ. కావాలి. తుపాకీ 10 డిగ్రీలు లేచిందనుకుందాం. దాన్ని దించడానికి చెయ్యి 1.4 సెం.మీ. జరగాలి, అదీ మొదటి ఎనిమిది తూటాలకు పట్టే 0.7 సెకన్లలో. సెన్సిటివిటీ 2 చేస్తే 0.7 సెం.మీ. చాలు. శ్రమ తగ్గింది కానీ పొరపాటు రెట్టింపైంది. సెన్సిటివిటీ 1 దగ్గర ఒక్క మిల్లీమీటరు తేడా చేస్తే 20 మీటర్ల దూరంలో తూటా 24 సెం.మీ. తప్పుతుంది. 2 దగ్గర అదే తేడా 48 సెం.మీ. అవుతుంది, అంటే తలకు గురిపెట్టిన తూటా గాలిలోకి పోతుంది. అలాగని తగ్గించిన కొద్దీ మేలని కాదు. 0.5 దగ్గర వెనక్కి తిరగడానికే అర మీటరు మౌస్‌ప్యాడ్ కావాలి, అంతలో వెనకనున్నవాడు కాల్చేస్తాడు. రెండు అవసరాలకూ మధ్య ఒక అంకె చూసుకుని దాని మీద నిలబడాలి. ఒక మ్యాగజైన్ చెడిందని మార్చడం సరికాదు, పది మ్యాగజైన్లలోనూ తప్పు ఒకే వైపుకు వస్తుంటేనే కొద్దికొద్దిగా జరపాలి. రేటు మారిన ప్రతిసారీ చెయ్యి నేర్చుకున్న 1.4 సెం.మీ. పనికిరాకుండా పోతుంది మరి.

స్థిరమైన దారి వట్టి బట్టీయమని, చెయ్యి చేసే పనిని మాక్రో చేయగలదని విమర్శ ఉంది. ఇది తేలిగ్గా కొట్టేయదగ్గ మాట కాదు. రస్ట్ గేము 2022 జూన్‌లో తన తుపాకుల స్థిర దారులను తీసేయడానికి ఇలాంటి స్క్రిప్టుల బెడద ఒక కారణం. 2020లో వచ్చిన వాలరెంట్ మధ్యేమార్గం పట్టింది. మొదటి తూటాల ఎక్కుడు దాదాపు స్థిరం, ఆపైన పక్కకు తిరిగే దిశ యాదృచ్ఛికం. అయితే ఈ మార్పులేవీ కొలతను రద్దు చేయలేదు. పక్క దిశ తెలియకపోయినా నిలువు తన్ను ఎంతో ముందే తెలుసు, దాన్ని దించే దూరం చేతికి తెలిసి ఉండాల్సిందే.

మన దేశంలో ఈ విద్య ఎక్కువమంది చేతికి వచ్చింది ఫోన్ ద్వారా. పబ్‌జీ మొబైల్ 2018లో వచ్చింది. 2020 సెప్టెంబరులో దాన్ని నిషేధించాక 2021లో బీజీఎంఐ ఆ స్థానం తీసుకుంది. అందులో చూపు తిప్పడానికి ఒక సెన్సిటివిటీ, కాలుస్తూ లాగడానికి ఇంకొకటి, జైరోకు వేరొకటి ఉంటాయి. ప్రతి స్కోప్‌కూ మళ్లీ విడివిడి అంకెలు. ఇది గందరగోళం కోసం పెట్టింది కాదు. స్కోప్ బొమ్మను పెద్దది చేసినప్పుడు అదే తన్ను తెర మీద అన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది, బొటనవేలికి ఉన్న అద్దం మాత్రం పెరగదు. వేలు తెర అంచుకు చేరాక లాగడానికి చోటు ఉండదు. జైరో వాడేవారు ఫోన్‌ను కాస్త వంచి పని కానిస్తారు, వేలు కాల్చడానికి మిగులుతుంది. పేరున్న ఆటగాళ్ల సెన్సిటివిటీ కోడ్‌ను యథాతథంగా ఎక్కించుకునే అలవాటు ఈ ఆటలో బాగా ఉంది. ఆ కోడ్‌లో అంకెలే వస్తాయి. ఫోన్ వెడల్పు, పట్టుకునే తీరు, మణికట్టు ఎంత వంగుతుందన్నది రావు. శిక్షణ మైదానంలో ఎం416కు రెడ్ డాట్ తగిలించి గోడ మీద ఒక మ్యాగజైన్ ఖాళీ చేస్తే ఆ అంకె తన చేతికి ఎక్కువో తక్కువో గుర్తులే చెబుతాయి. రెడ్ డాట్ కుదిరాకే 3ఎక్స్, ఆ తర్వాతే 4ఎక్స్ సర్దుకుంటే తప్పు ఏ అంకెలో ఉందో వెతుక్కోవాల్సిన పని ఉండదు.