చర్చిల్ ఓడాడు సరే, గుంటూరు పాఠకుడికేంటి?

మాచర్ల నుంచి మళ్ళీ నేనే. ఈరోజు 1945 జూలై 26కి వెళ్దాం. బ్రిటన్ ఎన్నికల్లో చర్చిల్ పార్టీ ఓడిపోయింది. అప్పుడు మనది మద్రాసు ప్రెసిడెన్సీ, గుంటూరు జిల్లా. విదేశీ వార్తలు ఎక్కువగా రాయిటర్స్ నుంచే వచ్చేవి.

ఆ రాత్రి తెలుగు డెస్క్‌లో మీరే కూర్చున్నారనుకోండి. కాపీలో "యుద్ధం గెలిపించిన నాయకుడు" అని ఉంటే, అది లండన్ చూపు. 1943 బెంగాల్ కరువు గుర్తున్న పాఠకుడికి ఆయన వేరే మనిషి. అలాగని "నియంత కూలాడు" అని రాస్తే అది మన కోపం అవుతుంది, వార్త కాదు. రెండూ తీసేసి "ప్రధాని చర్చిల్" అంటే చాలు.

"ప్రభంజనం" అనే మాట కూడా ఆలోచించే వాడాలి. లేబర్‌కి 640 సీట్లలో 393 వచ్చాయి, కానీ ఓట్లు సగం కంటే తక్కువే. ఆ రెండూ పక్కపక్కనే రాయాలి.

ఇక అసలు మన వార్త: భారత వ్యవహారాల మంత్రి లియో ఎమెరీ బర్మింగ్‌హామ్ స్పార్క్‌బ్రూక్‌లో ఓడిపోయాడు! లండన్‌కి అది చిన్న వార్త కావచ్చు. నేనైతే రెండో వాక్యంలోనే పెడతా, ఆయన పదవి ఏంటో చెప్పి మరీ. "ఇక స్వాతంత్య్రమే" అని మాత్రం రాయను. కేబినెట్ మిషన్ వచ్చింది 1946 మార్చిలో, ఆ రాత్రి డెస్క్‌లో ఎవరికీ తెలీదుగా.