పేరుకు ముందు ఒక మాట

ఫోన్‌లో ‘వేణుమాధవ్ మిమిక్రీ’ అని కొట్టి చూడండి. ఇద్దరు కళాకారులు కలగలిసి వస్తారు. ఒకరు వరంగల్‌కు చెందిన నేరెళ్ల వేణుమాధవ్. 1932లో పుట్టారు, 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. రెండోవారు కోదాడ నుంచి వచ్చి సినిమాల్లో నవ్వించిన వేణుమాధవ్. ఆయనా మిమిక్రీతోనే వేదికెక్కారు. ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్లను వేరుచేసి చూపించేది ముందున్న ‘నేరెళ్ల’ అనే ఇంటిపేరే.

మన వేదికల మీద పేరుకు ముందు ఒక మాట తగిలించడం ఇలాంటి అవసరంలోంచే పుట్టింది. ఊళ్లో నలుగురు శ్రీనులుంటే ఏ శ్రీను అని అడుగుతారు కదా! ఇంటిపేరు తెలియని చోట జనమే ఓ గుర్తు తగిలిస్తారు. ‘నాలుగు స్తంభాలాట’ సినిమా తర్వాత వీరభద్రరావు, వేలు ఇద్దరూ ‘సుత్తి’ అయ్యారు. కనిగిరిలో పుట్టిన జాన్ ప్రకాశరావు బొంబాయిలో హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, కంపెనీ వేడుకలో పైఅధికారుల గొంతులను అనుకరించారు. తోటి కార్మికులు ఆయన్ని ‘జానీ లీవర్’ అన్నారు. అదే వెండితెర పేరైంది. కేరళలో కొచ్చిన్ కళాభవన్‌లో ఆడిన మణి ‘కళాభవన్ మణి’ అయ్యారు. టీవీ కామెడీ షోల కాలానికి గెటప్ శ్రీను, హైపర్ ఆది వచ్చారు. అందరికీ అలవాటైన పేరు, దాని పక్కన అనుకోని మాట: ఈ జత చెవిలో పడితే పోదు.

ఇవాళ అదే పని వెతుకులాట పెట్టె కూడా కోరుతోంది. కార్యక్రమం చూసి ఇంటికెళ్లిన ప్రేక్షకుడు, సభలో విన్న పేరును ఫోన్‌లో టైప్ చేస్తాడు. అది కూడా ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో. చిక్కంతా అక్కడే. శ్రీను అన్న పేరును Srinu, Sreenu, Seenu మూడు రకాలుగానూ రాస్తారు. దీర్ఘాలు, ఒత్తులు, ‘త–థ’, ‘ద–ధ’లు ఉన్న పేర్లన్నిటిదీ ఇదే కథ. ఒక్కొక్కరు ఒక్కో తీరుగా కొడితే, చూసినవాళ్లంతా ఒకే చోటుకు చేరరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మం జిల్లాలో సాయి అనే కుర్రాడు మిమిక్రీ మొదలుపెట్టాడనుకోండి. ‘మిమిక్రీ సాయి’ అంటే చేసే పని తెలుస్తుంది కానీ, అదే పేరు ఇంకెందరికో తడుతుంది. ‘జూనియర్’ అని పెట్టి ఓ పెద్ద హీరో పేరు చేరిస్తే ఇంకా నష్టం: వెతికినవాళ్లకు ఆ హీరో సినిమాలే వస్తాయి, కుర్రాడు ఎక్కడో అడుగున పడిపోతాడు. తన ఊరు ‘పాలేరు’ను తగిలిస్తే జలాశయం, నియోజకవర్గం వార్తలు ముందుకొస్తాయి. పోనీ, ఎవరికీ లేని పేరు కావాలని ‘ధ్వన్యాక్షర్’ అని అల్లితే? ఒకసారి విన్నవాడు దాన్ని తిరిగి చెప్పలేడు, ఇక టైప్ చేసేదెక్కడ?

అతను ఇంట్లో మొదట అనుకరించింది బావి గిలక చప్పుడు అయితే, ‘గిలక సాయి’ అనొచ్చు. గిలకలో దీర్ఘం లేదు, ఒత్తు లేదు. ఇంగ్లిష్‌లో రాయడానికి gilaka తప్ప వేరే దారి దాదాపు లేదు. పైగా ఆ పేరు అతని కళలోంచే వచ్చింది. నా లెక్కలో కొత్తదనం అంటే ఇదే: లేని మాటను పుట్టించడం కాదు, ఉన్న మాటను ఎవరూ పెట్టని చోట పెట్టడం.

పేరు ఖాయం చేసే ముందు పరీక్ష ఉంది. సాయి తన ఫోన్‌లో వెతికితే లాభం లేదు. తను పదేపదే చూసిన వీడియోలనే ఫోన్ ముందుకు తోస్తుంది. పక్కింటివాళ్ల ఫోన్ తీసుకుని తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ వెతకాలి. తర్వాత పేరును ఒక్కసారే పలికి, విన్నవాళ్లను టైప్ చేయమనాలి. ఎక్కువమంది వేరే స్పెల్లింగ్ కొడితే మార్చాల్సింది పేరునే. టైప్ చేయడం రాని పెద్దవాళ్లు మైకు గుర్తు నొక్కి అడుగుతారు కాబట్టి, ఒక అమ్మమ్మ చేత కూడా పలికించి, తెరమీద ఏ అక్షరాలు పడుతున్నాయో చూడాలి. అరుదైన మాటను ఫోన్ తనకు బాగా తెలిసిన మరో మాటగా మార్చేస్తే, ఆ గిలకనూ వదులుకోవాల్సిందే.

నిలబడిన పేరును మొదటి ప్రదర్శనకు ముందే @gilakasai లాంటి ఒకే రూపంలో యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ రెండింట్లోనూ తీసుకోవాలి. పోస్టర్‌ మీదా అదే స్పెల్లింగ్ ఉండాలి. సభలో పరిచయం చేసే వ్యాఖ్యాతకు చీటీ రాసివ్వాలి. లేకపోతే ఆయన ‘మన మిమిక్రీ సాయి’ అని పిలుస్తారు, జనం ఇంటికెళ్లి దాన్నే వెతుకుతారు.