తటస్థ చంద్రుడు: ఓరుగల్లు లక్షణశాస్త్రం, మన ఋతువులు

ప్రేమ కవిత్వంలో వాన, వెన్నెల, పూలు, వసంతం పదేపదే ఎందుకు వస్తాయంటే, అవి అందంగా ఉంటాయి కనుక అనే జవాబు వెంటనే వస్తుంది. అది చాలదు. పొద్దుటి నీరెండ అందమైనదే, కోతకొచ్చిన వరిచేనూ అందమైనదే. వాటిని తిట్టిన విరహిణి మన కావ్యాల్లో దొరకడం కష్టం. చంద్రుణ్ణి తిట్టిన విరహిణులు మాత్రం కోకొల్లలు. ఆ తిట్లకు చంద్రోపాలంభనం అని ఒక పేరే పెట్టుకున్నాం. అందం ఒక్కటే కారణమైతే తిట్టడమెందుకు?

ఈ ప్రశ్నకు పనికొచ్చే మాట ఒకటి ఓరుగల్లు లక్షణశాస్త్రంలోనే ఉంది. కాకతీయ ప్రతాపరుద్రుని (1289–1323) ఆస్థానంలో విద్యానాథుడు సంస్కృతంలో ప్రతాపరుద్రీయం రాశాడు. ఉదాహరణ శ్లోకాలన్నీ తన రాజు మీద తానే చెప్పుకున్న గ్రంథం అది. మహాకావ్యంలో ఉండాల్సిన పద్దెనిమిది వర్ణనల పట్టిక అందులో ఉంది. ఋతువులు, చంద్రోదయం, ఉద్యానం, జలక్రీడ, వియోగం అన్నీ ఆ పట్టికలోవే. తర్వాతి తెలుగు ప్రబంధాల్లో ఈ పట్టిక ఎంతగా పాతుకుందంటే, కొన్నిచోట్ల కథ ఆగిపోయి మరీ చంద్రుడు ఉదయిస్తాడు.

పట్టిక కంటే విలువైనది దాని వెనకున్న విభజన. శృంగారానికి ఆలంబనం నాయికా నాయకులు. వారిలో పుట్టిన భావాన్ని రగిలించేవి ఉద్దీపనాలు. ఆ ఉద్దీపనాల్లో మనుషుల గుణం, చేష్ట, అలంకారం పోగా మిగిలిన నాలుగో రకానికి లాక్షణికులు పెట్టిన పేరు తటస్థం. రాచకొండ నేలిన సింగభూపాలుడు రసార్ణవసుధాకరంలో వీటిని పేరుపేరునా చెప్పాడు: వెన్నెల, చంద్రోదయం, కోకిల కూత, మామిడి, పిల్లగాలి, తుమ్మెద, పొదరిల్లు, మేఘధ్వని. తటస్థం అంటే గట్టున నిలబడ్డది. ఆ ఇద్దరి వ్యవహారంతో దానికి సంబంధం లేదు. నిప్పు మీది గాలి లాంటిది. నిప్పుంటే రాజేస్తుంది, లేకపోతే ఊరికే వీచి పోతుంది.

నా వాదమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. చంద్రుడు ఎవరి పక్షమూ కాదు కనుకనే కలిసి ఉన్నవారికి చల్లన, విడిపోయినవారికి మంట. వేరువేరు ఊళ్లలో ఉన్న ఇద్దరికీ ఒకేసారి కనిపించేదీ అతడే. చైనా కవులు దూరానున్నవారిని చంద్రుణ్ణి చూసి తలచుకోవడానికీ కారణం ఇదే. వాళ్ల దగ్గర మనమూ, మన దగ్గర వాళ్లూ నేర్చుకోనక్కర లేదు.

అయితే వాన అలా కాదు, దానికి ఊరు కావాలి. తెలంగాణలో ఏడాది వానలో సుమారు 80 శాతం నైరుతి ఋతుపవనానిదే. మృగశిర కార్తెకు రైతు ఆకాశం వైపు చూస్తాడు. ఆషాఢం నాటికి నాట్లు, దున్నకాలు మొదలవుతాయి. రోడ్లూ వంతెనలూ లేని రోజుల్లో వాగులు పొంగితే బాట తెగేది. ఆలోగా ఇల్లు చేరని బాటసారి ఇక వానలు వెనకబట్టేదాకా రానట్టే. కాళిదాసు మేఘసందేశాన్ని ఆషాఢంలో మొదలుపెట్టడం అలంకారం కోసం కాదు. అది ఈ లెక్క తెలిసినవాడు చేసిన పని. నల్లమబ్బు విరహిణికి వేసే ప్రశ్న ఒక్కటే: ఆయన గడువులోగా వచ్చాడా, లేదా?

మనకైతే ఈ ఎడబాటు కావ్యం దాటి ఇంట్లోకే వచ్చింది. కొత్త పెళ్లికూతురు ఆషాఢంలో పుట్టింటికి పోతుంది. అత్తాకోడళ్లు ఒక గడప దాటకూడదంటారు, అల్లుడు అత్తగారింటికి పోకూడదంటారు. పొలం పని చెడుతుందని కొందరు, ఆషాఢంలో కడుపు పండితే కాన్పు నడి ఎండల్లో పడుతుందని కొందరు చెబుతారు. కారణం ఏదైనా, ఏటా మొదటి వానలకు కొత్త జంటను విడదీసే ఆచారం ఉన్నచోట వానపాటకు విరహం వేరే వెతుక్కోవాల్సిన పని లేదు. ఏడాది పొడుగునా చినుకులు పడే ఇంగ్లండులో వానకు ఈ గడువు లేదు. అక్కడి కవికి చలి విడిచిన వసంతమే పెద్ద విడుదల.

మన వసంతం దగ్గరకొచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. పంచాంగం ప్రకారం వసంతం చైత్ర వైశాఖాలు. ఆ వైశాఖంలో వరంగల్లు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ములుగు అడవిలో మోదుగు ఎర్రబడేది అంతకు ముందే, ఫాల్గుణం నాటికే. ఉగాది పచ్చడే దీనికి సాక్ష్యం. గిన్నెలో వేపపూత ఉంటుంది కానీ మామిడి అప్పటికే కాయగా ఉంటుంది, ముక్కలు కోసి వేస్తాం. కావ్యంలోని గుత్తులుగుత్తుల మామిడిపూత ఆ పంచాంగపు వసంతం కంటే ముందుదన్నమాట. ప్రబంధకవి వసంతాన్ని పెరట్లో చూసి రాశాడా, పట్టిక చూసి రాశాడా అన్నది ఇలాంటి చిన్న వస్తువుల దగ్గరే పట్టుబడుతుంది.

పోతన విషయం వేరు. భాగవతం దశమస్కంధంలో రాసక్రీడ జరిగేది శరద్రాత్రుల్లో. జయదేవుడు గీతగోవిందాన్ని వసంతంలో నడిపాడు కానీ భాగవతం శరత్తునే పట్టుకుంది. బమ్మెర పరిసరాల్లో బతికినవారికి ఈ ఎంపిక వింతగా తోచదు. వానలు వెనకబట్టి, దుమ్ము కడుక్కుపోయి, చెరువులు నిండి, ఎండ తగ్గిన కాలం అది. మబ్బులేని నిండు వెన్నెలలో బయట తిరగడానికి ఇక్కడ అంతకంటే అనువైన రాత్రులు లేవు. విద్యుద్దీపాలు లేని ఊళ్లో పున్నమి అంటే చీకటిపడ్డాక గడప దాటే వీలు. కోలాటమైనా, కలుసుకోవడమైనా దాన్ని చూసుకునే.

ఆ వెన్నెల పక్కనే మల్లె ఉంది. సంస్కృత మూలంలో ఆ శరద్రాత్రులు పూసిన మల్లికలతో నిండి ఉంటాయి. పోతన గోపికలు కృష్ణుడి జాడ మల్లెపొదలనే అడుగుతారు. మన మల్లెకు శరత్తు అదను కాదు, దాని జోరంతా ఎండాకాలంలో. వృక్షశాస్త్రానికి ఇది తప్పు, కవిత్వానికి కాదు. మల్లె మొగ్గ సాయంత్రం విచ్చడం మొదలుపెట్టి రాత్రికి పరిమళిస్తుంది. చీకట్లో రంగు కనిపించదు కనుక రాత్రి పూసే పూలు చాలావరకు తెల్లగా ఉండి వాసనతో పురుగుల్ని పిలుస్తాయి. పూలమ్మే ఆమె మూర కొలిచి ఇచ్చేది విచ్చని మొగ్గల దండే, ఎందుకంటే అది రాత్రికి జడలో విచ్చుకోవాలి. మల్లె, వెన్నెల, కలయిక ఒకే వేళవి. వేళ సరిపోయాక కవి ఋతువును సర్దుకున్నాడు.

పూలన్నీ శృంగారానివేనా అంటే కాదనడానికి దూరం పోనక్కర లేదు. అదే శరత్తు గుమ్మంలో, భాద్రపద అమావాస్యనాడు, హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. తంగేడు, గునుగు చెలకల్లోనూ గట్ల మీదా వాటంతట అవి పూసినవి. వాటిని పేర్చి చుట్టూ పాడే పాటల్లో పుట్టిల్లు, అన్నదమ్ములు, అత్తింటి కష్టాలు ఎక్కువ. మల్లె ఏకాంతపు రాత్రిది, తంగేడు పదిమంది ఆడవాళ్ల సాయంత్రానిది. పువ్వు కూడా తటస్థమే. ఎవరి చేతిలో, ఏ వేళ ఉందో దాన్నిబట్టి అర్థం.

పాటలు సేకరించే పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. మనవాళ్లు మాటలన్నీ జాగ్రత్తగా రాసుకొస్తున్నారు కానీ ఆ పాట ఏ నెలలో, ఏ పొద్దున, ఏ పని చేస్తూ పాడతారో చాలాసార్లు వదిలేస్తున్నారు. వానపాట అని శీర్షిక పెట్టేముందు, అది నాట్ల వానో, ముసురు వానో, కోతలప్పుడు పడ్డ చెడగొట్టు వానో పాడినామెను అడిగి పక్కన రాసుకోండి.