బజ్జీకి పెట్టిన గంజి

ఉతికిన పంచెకు గంజి పెట్టి ఎండలో ఆరేస్తే అట్టలా బిర్రెక్కుతుంది. మిరపకాయ బజ్జీ మీది పొర కరకరలాడడం వెనక ఉన్నదీ ఆ గంజిలోని పిండిపదార్థమే. అందుకేనేమో, కార్న్‌ఫ్లోర్ కథ వంటింట్లో కాక చాకిరేవు దగ్గర మొదలైంది.

1842లో అమెరికాలోని జెర్సీ సిటీలో, గోధుమల నుంచి గంజిపొడి తీసే కర్మాగారంలో పనిచేస్తున్న థామస్ కింగ్స్‌ఫర్డ్ మొక్కజొన్న నుంచి కూడా దాన్ని వేరుచేయగలిగాడు. మొదట్లో ఆ పొడి బట్టలకే వాడారు. 1854లో స్కాట్లండ్‌లోని పైస్లీ అనే నేత పట్టణంలో జాన్ పోల్సన్ తినడానికి పనికొచ్చే రకానికి పేటెంటు పొందాడు. ఆ తర్వాతే కార్న్‌ఫ్లోర్ డబ్బాలు వంటింటి అలమరాల్లోకి చేరాయి.

మిరప, మొక్కజొన్న రెండూ అమెరికా ఖండం పంటలే. పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిన మిరప మన నేలలో నాటుకుపోయి, శనగపిండిలో మునిగి బజ్జీ అయింది. శనగలూ బియ్యమూ అంతకు వేల ఏళ్ల ముందునుంచీ ఇక్కడున్నవే. శనగపిండి, బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్, ఈ మూడింటిలో బజ్జీని ఎక్కువ కరకరలాడించేది ఏది?

కర్నూలు, అనంతపురం వైపు పొద్దున్నే ఉగ్గానితో పాటు వడ్డించే బజ్జీనే తీసుకుందాం. దానికి ఒళ్లంతా శనగపిండే. శనగపిండిలో సుమారు ఐదోవంతు మాంసకృత్తులుంటాయి. కాయను గట్టిగా పట్టుకోవడం, నూనెలో బంగారు రంగు తేలడం, ఆ కమ్మటి వాసన రావడం ఎక్కువగా వాటివల్లే. కానీ వట్టి శనగపిండితో వేసిన బజ్జీ పొంగి మెత్తగా ఉంటుంది. నూనెలోంచి తీసిన రెండు నిమిషాలు బాగానే ఉన్నా, లోపలి మిరపకాయలోని తేమ పొరలోకి పాకగానే మెత్తబడుతుంది.

బియ్యప్పిండిలో మాంసకృత్తులు తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. నూనె పీల్చడమూ తక్కువే. దాని పలుకు పొరలో సన్నని రవ్వలా నిలిచి, పంటికి గట్టిగా తగులుతుంది. ఆరిన తర్వాత కూడా ఆ కరకర కొంతసేపు నిలుస్తుంది. గట్టి పకోడీలో బియ్యప్పిండి కలిపేది అందుకే. దాని మోతాదు ఎక్కువైతే మాత్రం పొర పంటికి రాయిలా తగులుతుంది.

కార్న్‌ఫ్లోర్ దాదాపు పూర్తిగా పిండిపదార్థమే. పసుపు రంగు మొక్కజొన్న పిండి వేరు, ఇది వేరు. చన్నీళ్లలో ఇది ఉబ్బదు. గిన్నె అడుగున ముద్దలా పేరుకుంటుంది, నున్నటి మిరపకాయ మీంచి జారిపోతుంది. మూకుట్లో పడ్డాక, వేడి 70 డిగ్రీలకు చేరేసరికి ఉబ్బి జిగురవుతుంది. ఆపైన నీరంతా ఆవిరై గాజుపెంకులా బిగుస్తుంది. ఆరిన పంచెలో గంజి బిగుసుకున్నట్టే ఇదీ.

అప్పటికప్పుడు తింటే, అన్నిటికంటే పలచగా, పెళుసుగా విరిగే పొర కార్న్‌ఫ్లోర్‌దే. కానీ దానికి రంగు రాదు, రుచీ ఉండదు. మంచూరియా బళ్ల దగ్గర ఆ లోటును సాస్ తీరుస్తుంది. బజ్జీకి ఆ ఆసరా లేదు కాబట్టి శనగపిండిని పూర్తిగా వదిలేయడం కుదరదు.

అందుకని కప్పు శనగపిండికి రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి, ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపితే మూడింటి గుణాలూ అందుతాయి. ఉప్పు, వాము, చిటికెడు వంటసోడా వేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గరిటె నుంచి తెగకుండా జారేలా కలపాలి. సోడా ఎక్కువైతే బజ్జీ నూనె తాగుతుంది, సబ్బు వాసన వస్తుంది. కాయ మీద తడి ఉంటే పిండి పట్టదు. తుడిచి, పొడి పిండిలో ఒకసారి దొర్లించి ముంచాలి. పిండి చుక్క వేస్తే వెంటనే బుడగలతో పైకి తేలాలి. అడుగునే కూర్చుంటే నూనె కాగలేదన్నమాట. అప్పుడు వేస్తే పొర గట్టిపడేలోపే నూనె పీల్చేస్తుంది.

ఇంత చేసినా మిరపకాయలోని నీరు ఊరుకోదు. హైదరాబాదు బళ్లమీది కట్ మిర్చిలో దానికి మార్గం కనిపిస్తుంది. బజ్జీలను ముందు లేతగా వేయించి పళ్లెంలో పోసి ఉంచుతారు. ఆరేలోగా లోపలి తేమ పొరలోకి వస్తుంది. గిరాకీ రాగానే ముక్కలుగా కోసి, బాగా కాగిన నూనెలో మళ్లీ వేస్తారు. పొరలోకి వచ్చిన తేమ, కోసిన అంచుల్లోని నీరు ఈసారి ఆవిరైపోతాయి. నూనెలో బుడగలు సన్నగిల్లి, ముక్కలు చిల్లుల గరిటెలో గలగలలాడేసరికి తీసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తారు. మూత పెట్టకుండా, కాగితం మీద పరిచి.